ఏట్రియంలో వాయిస్ అలారం: మాట అర్థమయ్యేలా స్పీకర్లు అమర్చడం ఎలా

నాలుగంతస్తుల ఎత్తున్న ఒక ఏట్రియంలో, అంటే భవనం నడుమ పైకప్పు దాకా తెరిచి ఉన్న హాలులో, అగ్ని ప్రమాద వేళ జనానికి దారి చెప్పే వాయిస్ అలారం పరీక్షకు వెళ్లాను. పైకప్పు నుంచి పన్నెండు స్పీకర్లు వేలాడుతున్నాయి. శబ్దమాపకం 85 డెసిబెల్స్ చూపిస్తోంది, కాబట్టి వినపడకపోవడమన్న సమస్యే లేదు. నేల మీద నిలబడ్డ ముగ్గురిని ఏ మెట్ల వైపు వెళ్లమన్నారో చెప్పమని అడిగాను. ముగ్గురూ తెలియదన్నారు. అప్పుడు అక్కడి సాంకేతిక నిపుణుడు వాల్యూమ్ మరో 3 డెసిబెల్స్ పెంచాడు. ఈసారి మాటలు మరింత ముద్దగా వినిపించాయి.

ఈ వ్యాసమంతా ఆ పన్నెండు స్పీకర్ల తప్పును సరిచేయడం గురించే. అలాంటి హాలునే ఉదాహరణగా తీసుకుని మొదటి లెక్క నుంచి చివరి కొలత వరకు చేసి చూద్దాం. నడిమి ఖాళీ 40 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, 22 మీటర్ల ఎత్తు. గట్టి రాతి నేల, గాజు పైకప్పు, ఒక చివర గాజు గోడ. రెండు పొడవు వైపులా మూడు అంతస్తుల్లో 3 మీటర్ల వెడల్పున్న బాల్కనీ నడవాలు ఉన్నాయి. వాటి కింద, నేల అంతస్తులో కూడా అంతే వెడల్పున నడిచే దారి ఉంది.

మొదటి అడుగు: శత్రువు ఎవరో తేల్చుకోండి

వాయిస్ అలారంలో మాటను చెడగొట్టేవి ముఖ్యంగా రెండు: చుట్టూ ఉన్న రొద, గదిలోని మారుమోత. రొద మీద వాల్యూమ్ పెంచి గెలవవచ్చు. మారుమోత మీద అలా గెలవలేం, ఎందుకంటే అది మీ స్పీకర్ల శబ్దమే. స్పీకర్‌ను 3 డెసిబెల్స్ పెంచితే నేరుగా చెవికి చేరే శబ్దం ఎంత పెరుగుతుందో, గోడలకూ గాజుకూ తగిలి తిరిగొచ్చే మోత కూడా అంతే పెరుగుతుంది. రెండింటి మధ్య తేడా మారదు. పైగా స్థాయి 80 డెసిబెల్స్ దాటాక చెవిలోనే ఒక పౌనఃపున్యం పక్కదాన్ని కప్పేయడం ఎక్కువవుతుంది. మొదట్లో చెప్పిన హాలులో వాల్యూమ్ పెంచితే పరిస్థితి దిగజారింది అందుకే.

మాట స్పష్టతను కొలవడానికి ఎస్‌టీఐ అనే సూచిక ఉంది. 0 నుంచి 1 వరకు ఉండే ఈ సూచికను ఐఈసీ 60268-16 ప్రమాణం నిర్వచిస్తుంది. దాని వెనుక ఉన్న ఆలోచన తెలిస్తే మిగతా పని సులువవుతుంది. మాట అంటే శబ్దం క్షణక్షణం హెచ్చుతగ్గులు కావడం: ఒక అక్షరం లేస్తుంది, మరుక్షణం చిన్న విరామం, తర్వాత ఇంకో అక్షరం. సెకనుకు సుమారు ఒకటి నుంచి పన్నెండు సార్ల దాకా సాగే ఈ ఎగుడుదిగుళ్లలోనే అర్థం ఉంటుంది. మారుమోత వెనకటి అక్షరపు తోకను సాగదీసి తర్వాతి విరామాన్ని పూడ్చేస్తుంది. రొద కూడా పల్లాలను నింపుతుంది. ఈ ఎగుడుదిగుళ్లకు స్పీకర్ దగ్గర ఉన్న లోతులో ఎంత వినేవారి చెవి దాకా మిగిలిందన్నదే ఎస్‌టీఐ చెప్పే సంగతి.

అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 72 ఒక్కో ప్రదేశానికి సగటున 0.50, కొలిచిన చోట్లలో కనీసం 90 శాతంలో 0.45 ఉండాలని సూచిస్తుంది. మీ దగ్గర అమలులో ఉన్న నియమం ఏదైనా లక్ష్యం 0.50 చుట్టుపక్కలే ఉంటుంది. కాగితం మీద దానికి కొంచెం పైన గురిపెట్టండి, కట్టాక కొంత తగ్గుతుంది.

రెండో అడుగు: మారుమోత సమయం కనుక్కోండి

శబ్దం ఆగాక మోత 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే కాలమే మారుమోత సమయం. కట్టడం పూర్తయి ఉంటే కొలవండి, లేకపోతే లెక్కించండి. మాటకు అన్నిటికన్నా ముఖ్యమైనవి 500 నుంచి 4000 హెర్ట్జ్ వరకు ఉన్న పౌనఃపున్య పట్టీలు. ఎస్‌టీఐలో అన్నిటికన్నా ఎక్కువ బరువు 2000 హెర్ట్జ్ పట్టీది. మనకు కావలసిన సూత్రాలు మూడే:

```
T   = 0.161 × V / A
Dc  = 0.057 × √(Q × V / (N × T))
D/R = 20 × log10(Dc / r)
```

మొదటి వరుసలో T మారుమోత సమయం, V హాలు ఘనపరిమాణం, A మొత్తం శోషణ, అంటే శబ్దాన్ని పీల్చుకునే ఉపరితలాల లెక్క. మన హాలు 22,000 ఘనపు మీటర్లు. గాజు, రాయి, బాల్కనీల నోళ్లు, గాలి అన్నీ కలిపి శోషణ 885 చదరపు మీటర్లనుకుందాం. T సరిగ్గా 4 సెకన్లు వస్తుంది. ఇలాంటి హాళ్లలో ఇది ఆశ్చర్యపోవలసిన అంకె కాదు.

హాలును ఖాళీగా ఊహించే ఈ లెక్క చేయండి. జనం ఉంటే వారి బట్టలు కొంత మోతను పీల్చుకుంటాయి, నిజమే. కానీ రాత్రివేళ నలుగురే ఉన్నప్పుడు కూడా ఆ నలుగురికీ మాట అర్థం కావాలి.

మూడో అడుగు: నేరు శబ్దానికీ మోతకూ పోటీ పెట్టండి

రెండో సూత్రంలో Dc అంటే నేరు శబ్దమూ మారుమోతా సమానమయ్యే దూరం. దాని కన్నా దగ్గరగా నిలబడితే స్పీకర్ గెలుస్తుంది, దూరం పోతే గది గెలుస్తుంది. Q స్పీకర్ తన శబ్దాన్ని ఒకవైపు ఎంతగా గురిపెడుతుందో చెప్పే అంకె. అన్నివైపులా సమానంగా వెదజల్లితే 1. మూడో సూత్రంలో r స్పీకర్ నుంచి శ్రోతకు ఉన్న దూరం, D/R నేరు శబ్దానికీ మోతకూ డెసిబెల్స్‌లో ఉన్న తేడా. N ఒకే గాలిలో ఒకేసారి మోగే స్పీకర్ల సంఖ్య. అసలు కిటుకంతా ఈ N దగ్గరే ఉంది. ఒక శ్రోతకు మేలు చేసేవి దగ్గరలో ఉన్న ఒకటి రెండు స్పీకర్లు. మోత పెంచడంలో మాత్రం హాలులోని ప్రతి స్పీకరూ తన వాటా వేస్తుంది.

పైకప్పు అమరికను దీనితో పరీక్షిద్దాం. ఒక్కో స్పీకర్ Q 5, N 12, T 4. Dc 2.7 మీటర్లు వస్తుంది. పైకప్పు నుంచి నిలబడ్డ మనిషి చెవికి దూరం ఇరవై మీటర్ల పైనే. ఒక్క స్పీకర్‌నే లెక్కిస్తే నేరు శబ్దం మోతకన్నా 17 డెసిబెల్స్ తక్కువ. అయితే ఒక్కదాన్నే చూడడం స్పీకర్లకు అన్యాయం. 50 మిల్లీసెకన్లలోపు ఒకదాని వెంట ఒకటి చేరే శబ్దాలను చెవి కలిపి ఒకే మాటగా వింటుంది. శబ్దం ఆ కాలంలో 17 మీటర్లు ప్రయాణిస్తుంది. ఆ లెక్కన పన్నెండింటినీ శ్రోతకు అనుకూలంగా కలిపినా నేరు శబ్దం 9 డెసిబెల్స్ వెనకబడే ఉంటుంది.

4 సెకన్ల మోతలో ఈ తేడా ఎస్‌టీఐగా ఎలా మారుతుందో నేను లెక్కించి దగ్గర పెట్టుకుంటాను. రొద ఏమీ లేదనుకుంటే, రెండూ సమానమైనప్పుడు 0.54. నేరు శబ్దం 2 డెసిబెల్స్ తక్కువైతే 0.49, 5 తక్కువైతే 0.42, 9 తక్కువైతే 0.35. నేరు శబ్దమే లేకుండా ఉత్త మోత మాత్రమే వినిపిస్తే 0.30. పైకప్పు స్పీకర్లు 0.35 దగ్గర ఆగిపోయాయి. ఖరీదైన స్పీకర్లు కొన్నా, ఆంప్లిఫయర్ పెద్దది పెట్టినా ఆ అంకె కదలదు. అవి తప్పు చోట ఉన్నాయి.

ఇక్కడినుంచి మన లక్ష్యం ఒక్క వాక్యంలోకి వస్తుంది: ప్రతి శ్రోత దగ్గరా నేరు శబ్దం మోతతో సమానంగా గానీ కొంచెం పైన గానీ ఉండాలి.

నాలుగో అడుగు: నేలకు కాలమ్ స్పీకర్లు ఎంచుకోండి

లక్ష్యానికి రెండు దారులు: r తగ్గించడం, Q పెంచడం. ఏట్రియం నేల మధ్యలో స్పీకర్ నిలబెట్టడానికి సాధారణంగా చోటు దొరకదు కాబట్టి Q మీదే ఎక్కువ ఆధారపడాలి. అందుకు కాలమ్ స్పీకర్ సరైన సాధనం. చిన్న స్పీకర్లను నిలువు వరుసలో పేర్చితే శబ్దం నిలువుగా సన్నని పలకలా, అడ్డంగా వెడల్పుగా వస్తుంది. మనుషుల తలలు నేల మీద ఒకే పొరలో ఉంటాయి కాబట్టి ఆ పలక వారి మీద పరుచుకుంటుంది, పైన ఉన్న వేల ఘనపు మీటర్ల ఖాళీని అనవసరంగా కదిలించదు.

ఈ పట్టు పొడవు మీద ఆధారపడి ఉంటుంది. తరంగదైర్ఘ్యం కాలమ్ పొడవును దాటిందంటే పట్టు జారిపోతుంది. 1 మీటర్ కాలమ్ 340 హెర్ట్జ్ కింద, 2 మీటర్ల కాలమ్ 170 హెర్ట్జ్ కింద అన్నివైపులకూ వెదజల్లడం మొదలుపెడుతుంది. మగ గొంతులో చాలా శక్తి ఆ కింది పట్టీల్లోనే ఉంటుంది, హాళ్లలో మోత కూడా తరచు అక్కడే ఎక్కువ. అందువల్ల ఇలాంటి హాలుకు 2 మీటర్లది తీసుకోండి. 200 హెర్ట్జ్ కింది భాగాన్ని ఫిల్టర్‌తో మెల్లగా తగ్గించండి కూడా. గొంతు గంభీరత కొంచెం పోతుంది, మాట తేటపడుతుంది. ఆ మార్పిడికి నేనెప్పుడూ సందేహించను.

మన హాలులో నాలుగు కాలమ్‌లు చాలు. పొడవు వైపు ఒక్కోదానికి రెండు, చివరల నుంచి 10 మీటర్ల లోపల, బాల్కనీ అంచు స్తంభాల మీద, అడుగు భాగం నేలకు 2.5 మీటర్ల ఎత్తులో బిగించండి. తయారీదారు ఇచ్చిన వివరాల్లో ఒక్కో పట్టీకి Q విడిగా ఉంటుంది. ఒక్క పెద్ద అంకెను నమ్మవద్దు. మనం 16 అనుకుందాం. N 4 కాబట్టి Dc 8.45 మీటర్లు.

హాలు నడిమి గీత మీద, ఒక కాలమ్‌కు సూటిగా ఎదురుగా నిలబడండి. 12.5 మీటర్ల దూరంలో ఒక్క కాలమ్ నేరు శబ్దం మోతకన్నా 3.4 డెసిబెల్స్ తక్కువ. కానీ ఎదుటి వైపు కాలమ్ కూడా అంతే దూరంలో ఉంది, రెండూ ఒకే క్షణంలో చేరతాయి. కలిపితే 3 డెసిబెల్స్ లాభం, తేడా −0.4 అవుతుంది. మిగతా రెండూ 23.6 మీటర్ల నుంచి సుమారు 32 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తాయి. 50 లోపే కాబట్టి అవీ సాయమే: తేడా +0.7. నాలుగింటికీ సమదూరంలో, హాలు నట్టనడుమ, ఒక్కొక్కటి 16 మీటర్ల దూరంలో ఉన్నా దాదాపు ఇదే అంకె వస్తుంది. పన్నెండు స్పీకర్లు చేయలేని పనిని నాలుగు చేస్తున్నాయి.

పలకను ఎంత వంచాలన్నది చిన్న విషయంలా కనిపించి పెద్ద తేడా తెస్తుంది. కాలమ్ మధ్యభాగం 3.5 మీటర్ల ఎత్తులో ఉంది, శ్రోత చెవి 1.6 మీటర్లలో. పలక నడిమి గీతను కొంచెం దాటి నేలను తాకేలా వంచండి. నిటారుగా వదిలేస్తే అది ఎదుటి బాల్కనీ పిట్టగోడకు తగిలి తిరిగొస్తుంది. చివరనున్న గాజు గోడ వైపు ఏ కాలమ్‌నూ తిప్పకండి. గాజుకు తగిలి వెనక్కి వచ్చే దారి నేరు దారికన్నా 17 మీటర్లు దాటి పొడవైతే అది ఇక సాయం కాదు, విడిగా వినపడే ప్రతిధ్వని.

అయిదో అడుగు: బాల్కనీలను లెక్కలో వేయండి

చాలా నమూనాలు చెడిపోయేది ఇక్కడే. నేల లెక్క బాగా వచ్చిందని సంతోషపడి, బాల్కనీల కింది సీలింగ్ స్పీకర్లను వేరే కాగితం మీద గీస్తారు. కానీ బాల్కనీకీ నడిమి ఖాళీకీ మధ్య గోడ లేదు. రెండూ ఒకే గాలి.

మన హాలులో బాల్కనీ నడవాలకూ నేల అంతస్తు దారికీ ప్రతి 4 మీటర్లకు ఒక సీలింగ్ స్పీకర్ కావాలి. ఒక వైపు ఒక అంతస్తుకు పది, మొత్తం ఎనభై. ఒక్కొక్కటి శ్రోత తలకు రెండు మీటర్ల దూరంలోనే ఉంది కాబట్టి చాలా మెల్లగా మోగినా సరిపోతుంది. అయినా ఎనభై ఎనభయ్యే. బాల్కనీ అడుగు, నేల రెండూ గట్టివైతే శబ్దం వాటి మధ్య ఎగిరెగిరి, చాలా భాగం అంచు దాటి ఖాళీలో పడుతుంది. మన స్థాయిలు పెట్టి లెక్కిస్తే అలా పడే శక్తి నాలుగు కాలమ్‌లు ఇచ్చే మొత్తం శక్తితో ఇంచుమించు సమానం. అంటే మోత రెట్టింపై, నేల మీద తేడా 3 డెసిబెల్స్ పడిపోయి −2.3కి చేరుతుంది. ఎస్‌టీఐ 0.48, రొద కలిస్తే 0.45. కాగితం మీద గెలిచిన నమూనా కట్టాక ఓడిపోయే దారి ఇదే.

నివారణ బాల్కనీల అడుగు భాగంలోనే ఉంది. అక్కడ శబ్దాన్ని పీల్చుకునే పలకలు వేయించండి. పై అంతస్తు నడవా సీలింగ్‌తో కలిపి మన హాలులో అలాంటి అడుగుభాగం మొత్తం 960 చదరపు మీటర్లు; దానిలో సగం కప్పి, నికరంగా 300 చదరపు మీటర్ల శోషణ పెరిగిందనుకుందాం. A 1,185 అయి, T 3 సెకన్లకు దిగుతుంది, నేల మీద తేడా 1.25 డెసిబెల్స్ మెరుగవుతుంది. రెండో లాభం ఇంకా పెద్దది: స్పీకర్ పక్కనే పీల్చుకునే పలక ఉంది కాబట్టి బాల్కనీ నుంచి ఖాళీలోకి కారే శక్తి సగానికన్నా బాగా తగ్గుతుంది. కాలమ్‌ల శక్తిలో 40 శాతానికి తగ్గిందనుకుంటే నష్టం 3 నుంచి 1.5 డెసిబెల్స్‌కు వస్తుంది. చివరికి తేడా +0.5 దగ్గర నిలుస్తుంది, రొద కలిపాక కూడా ఎస్‌టీఐ 0.53 దగ్గర ఉంటుంది.

పలకలు గోడ పైభాగంలోనో పైకప్పు మూలల్లోనో ఎక్కడో వేసినా T అంతే తగ్గుతుందని భవన రూపకర్త అనవచ్చు. T విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. కానీ అక్కడ వేస్తే రెండో లాభం పోతుంది. ఈ విషయం మొదటి సమావేశంలోనే చెప్పండి. సీలింగ్ బిగించాక అడిగితే ఎవరూ వినరు.

సీలింగ్ స్పీకర్లను నడవా అంచుకు కాక గోడ వైపుకు జరిపి పెట్టండి, శంకువు నేలను చూడాలి. పిట్టగోడ మీద ఖాళీ వైపు తిరిగిన స్పీకర్ ఒక్కటి కూడా వద్దు.

ఆరో అడుగు: స్థాయి, రొద

స్థాయిని సాధారణ రొదకు కాదు, అగ్ని సమయపు రొదకు లెక్కించండి. అలారం మోగేసరికి పొగ తోడే ఫ్యాన్లు కూడా పూర్తి వేగంతో తిరుగుతుంటాయి. వాటి శబ్దం నేల మీద 65 డెసిబెల్స్ అనుకుందాం. మాట దానికన్నా 12 డెసిబెల్స్ పైన, 77 దగ్గర ఉండాలి. అప్పుడు రొద వల్ల ఎస్‌టీఐలో పోయేది సుమారు 0.03. తేడా 15కి పెంచినా వచ్చే లాభం చాలా తక్కువ, స్థాయి 80 చేరుతుంది. కాబట్టి 77 దగ్గర ఆగండి. ఫ్యాన్ల శబ్దం 75 అని తేలితే స్పీకర్ల వైపు చూడకండి, ఫ్యాన్ నాళాల్లో శబ్ద నిరోధకాలు పెట్టించండి.

ఆంప్లిఫయర్ ఎంత పెద్దదన్న ప్రశ్నకు జవాబు చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. 77లో సగం శక్తి నేరు శబ్దానిది, అంటే 74. నడిమి గీత మీద ఒక్కో కాలమ్ వాటా 70. 1 మీటర్ దూరానికి లెక్కిస్తే 92. కాలమ్ సున్నితత్వం 1 వాట్‌కు 93 అయితే సగటున 1 వాట్ కూడా అక్కర్లేదు. మాటలోని శిఖరాలకు 12 డెసిబెల్స్ అదనంగా వదిలితే 13 వాట్లు.

ఏడో అడుగు: సగం తీగలు పోతే

ఏ ఒక్క తీగ తెగినా హాలు మూగబోకూడదు. అందుకే స్పీకర్లను ఎ, బి అని రెండు సర్క్యూట్లుగా విడదీసి వేరువేరు ఆంప్లిఫయర్లకు కలుపుతారు. కాలమ్‌లను మూలమూలకు ఎదురుగా జత చేయండి: ఒక వైపు మొదటిది, ఎదుటి వైపు రెండోది ఎ మీద, మిగతా రెండు బి మీద. అప్పుడు ఒక సర్క్యూట్ పోయినా నడిమి గీత మీది ప్రతి చోటుకూ ఏదో ఒక వైపు నుంచి కాలమ్ మిగులుతుంది. శబ్దం 3 డెసిబెల్స్ తగ్గుతుంది, కానీ మోత కూడా అంతే తగ్గుతుంది కాబట్టి స్పష్టత అక్కడ పెద్దగా పడదు. పోయిన కాలమ్‌ల కింద మాత్రం తేడా తెలుస్తుంది. సీలింగ్ స్పీకర్లను ఒకటి విడిచి ఒకటి ఎ, బి చేయండి.

జోన్ల విషయంలో ఒక్క మాట. అంతస్తుల వారీగా ఖాళీ చేయించే భవనాల్లో రెండో అంతస్తుకు 'వెంటనే బయటికి వెళ్లండి' అనీ, మూడో అంతస్తుకు 'తదుపరి సూచన కోసం వేచి ఉండండి' అనీ వేర్వేరు సందేశాలు పెట్టడం మామూలే. తెరిచి ఉన్న బాల్కనీలకు అలా చేయకండి. రెండు సందేశాలూ ఒకే గాలిలో కలిసి, ఎవరికీ ఏదీ అర్థం కాదు. నడిమి ఖాళీ, దానికి తెరుచుకున్న నడవాలు అన్నీ ఒకే జోన్.

ఎనిమిదో అడుగు: సందేశాన్ని హాలుకు తగ్గట్టు రికార్డు చేయండి

మారుమోత లేని గదిలో, నోటికి దగ్గరగా ఉన్న మైకుతో, నింపాదిగా చదివించండి. వాక్యాలు చిన్నవిగా, మధ్య విరామాలతో ఉండాలి. హెచ్చరిక గంట ఆగిన వెంటనే మాట మొదలైతే 3 సెకన్ల హాలులో గంట తోక మొదటి పదాలను మింగేస్తుంది. గంటకూ మాటకూ మధ్య ఒకటిన్నర నుంచి రెండు సెకన్ల మౌనం ఉంచండి. డబ్బు ఖర్చు లేని ఈ మార్పు ఎన్నోచోట్ల పనికొచ్చింది.

తొమ్మిదో అడుగు: కొలవండి, కారణం పట్టుకోండి

కొలతకు స్టిపా సంకేతం వాడతారు. ఇది ఎస్‌టీఐ కొలతకు కుదించిన రూపం, ఒక్కో చోట ఇరవై సెకన్లకు అటూఇటూ పడుతుంది. సంకేతాన్ని సందేశం నడిచే దారిలోనే, అదే స్థాయిలో పంపండి. మైకులో మాట్లాడే సౌకర్యం కూడా ఉంటే ఆ మైకు ముందు చిన్న స్పీకర్ పెట్టి అదీ కొలవండి. మాపకాన్ని నిలబడే చోట 1.6, కూర్చునే చోట 1.2 మీటర్ల ఎత్తులో పట్టుకోండి. కాలమ్‌ల ఎదుటే కాకుండా, రెండు కాలమ్‌ల మధ్య గోడ వారన, బాల్కనీ అంచున, మెట్ల మొదట్లో కూడా కొలవండి.

జనం తిరుగుతుండగా కొలవకండి. తలుపు కొట్టుకున్నా ఎవరో మాట్లాడినా ఆ ఎగుడుదిగుళ్లను మాపకం మాటలో భాగంగా పొరబడుతుంది. సంకేతం ఆపి అదే చోట ఒకసారి కొలవండి: 0.20 కన్నా ఎక్కువ చూపిస్తే ఆ వేళ కొలతలను నమ్మలేం. నిశ్శబ్ద వేళలో కొలిచి, ఫ్యాన్ల రొదను పట్టీల వారీగా విడిగా నమోదు చేసి, తర్వాత లెక్కలో కలపడమే సరైన పద్ధతి. ఫ్యాన్ల రొద నిలకడగా ఉంటుంది కాబట్టి అవి తిరుగుతుండగా కూడా ఒకటి రెండు చోట్ల నేరుగా కొలిచి సరిచూసుకోండి.

ఒక చోట అంకె 0.42 వచ్చిందనుకుందాం. ఏదీ మార్చకముందు ఫ్యాన్లు నడుస్తుండగా సంకేతాన్ని 3 డెసిబెల్స్ పెంచి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే రొద కారణం. స్థాయి పెంచడమో రొద తగ్గించడమో చేయాలి. కదలకపోతే మారుమోత. ఆ చోటికి నేరు శబ్దం చేరడం లేదు. కాలమ్ వంపు తప్పిందా, మధ్యలో స్తంభం అడ్డుందా, సీలింగ్ స్పీకర్ తీగ ఊడిందా అని వెతకండి. తగ్గితే ఆంప్లిఫయర్ శిఖరాలను కత్తిరిస్తున్నట్టు, లేదా స్థాయి అప్పటికే మితిమీరినట్టు.

కదలని చోట ఇంకో చిన్న పరీక్ష చేయండి: బాల్కనీ స్పీకర్లన్నీ ఆపి నేల మీద కొలవండి. అంకె ఒక్కసారిగా 0.05 ఎగబాకితే బాల్కనీలు మోతను కారుస్తున్నాయి. ముందు వాటి స్థాయిని 2 డెసిబెల్స్ తగ్గించి, బాల్కనీల్లో మళ్లీ కొలిచి, నేల మీదా పైనా రెండుచోట్లా 0.50 దాటే చోటు కోసం ఒక్కొక్క డెసిబెల్ చొప్పున కదపండి. అలాంటి చోటు దొరకకపోతే ఇంకా పీల్చుకునే పలకలు వేయించాలి.

విడి ప్రతిధ్వనిని మాత్రం స్టిపా అంకె సరిగా పట్టివ్వదు. 0.52 చూపిస్తున్న చోట కూడా ప్రతి పదమూ రెండుసార్లు వినిపించవచ్చు. అందుకని అంకెలు రాసుకోవడం అయ్యాక అసలు సందేశాన్ని మోగించి హాలంతా నడవండి. ఎక్కడ మాట రెండుగా చీలుతుందో అక్కడ ఆగి, గాజు గోడ వైపు ఒకసారి, ఎదుటి పిట్టగోడ వైపు ఒకసారి తల తిప్పి, రెండో మాట ఎటునుంచి వస్తోందో చూడండి. దాన్ని పంపుతున్న కాలమ్‌ను ఆపి చూస్తే నిర్ధారణ అవుతుంది. సాధారణంగా దాని శబ్దపు పలకను రెండు మూడు డిగ్రీలు కిందికి వంచితే పోతుంది. వంచాక ఆ కాలమ్ పరిధిలోని చోట్లన్నీ మళ్లీ కొలిచి, కొత్త అంకెలనూ వంపు కోణాన్నీ స్పీకర్ పేరుతో సహా పుస్తకంలో రాయండి, తర్వాత వచ్చేవారు దాన్ని తిరిగి నిటారు చేయకుండా.